చాంతాడంత డ్రాఫ్టును ఒక్క పని చెప్పే మెసేజ్‌గా కోయడం ఎలా: గుంటూరు మిర్చి ఆర్డరు ఉదాహరణతో

వ్యాపారంలో మెసేజ్ పొడుగెక్కడానికి మాటలు ఎక్కువ కావడం అసలు కారణం కాదు. చదివేవాళ్లు చివరికి ఏం చేయాలో రాసేవాళ్లే తేల్చుకోకుండా మొదలుపెట్టడం వల్ల అలా అవుతుంది. తేల్చుకోని విషయం చుట్టూ చేయి తిరుగుతూనే ఉంటుంది, వాక్యాలు వచ్చి పడుతూనే ఉంటాయి. అందుకే అక్కడో మాట, ఇక్కడో మాట కొట్టేస్తూ పోతే డ్రాఫ్టు కొంచెం సన్నబడుతుంది తప్ప స్పష్టం కాదు. ముందు పని తేలాలి. కోత ఆ తర్వాత.

ఒకే ఒక్క డ్రాఫ్టును తీసుకుని మొదటినుంచి చివరిదాకా కోద్దాం. గుంటూరు మిర్చి వ్యాపారి దగ్గర విజయవాడలోని ఒక కారం మిల్లు 300 టిక్కీల తేజ రకం ఆర్డరు పెట్టింది. టిక్కీ అంటే మిర్చి బస్తా. శుక్రవారం ఉదయం సరుకు చూస్తే కొంత తేడా వచ్చింది. పదకొండున్నరకు గుమస్తా మిల్లు పర్చేజ్ మేనేజర్‌కు పంపబోతున్న డ్రాఫ్టు ఇది. అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసినవే. వాక్యాలను చెప్పుకోవడానికి వీలుగా నంబర్లు పెట్టాం.

> గౌరవనీయులైన పర్చేజ్ మేనేజర్ గారికి నమస్కారములు. (1) మీ సంస్థతో మాకు గల అనుబంధం మీకు తెలియనిది కాదు. (2) గత సోమవారం మీరు ఇచ్చిన 300 టిక్కీల తేజ డీలక్స్ ఆర్డరు నిమిత్తం మంగళవారం నుండి యార్డులో సరుకు కొనుగోలు చేయడం జరుగుతున్నది. (3) ఈ వారం యార్డుకు కాయ బాగానే వచ్చినప్పటికీ మధ్యలో మబ్బులు పట్టి చినుకులు పడటం వలన రైతులు సరిగా ఆరబెట్టకుండానే తీసుకురావడం, దానికితోడు హమాలీల కొరత ఉండటం వలన మేము చాలా ఇబ్బంది పడవలసి వచ్చినది. (4) ఈరోజు ఉదయం మొత్తం సరుకును మీటరుతో పరీక్షించగా 240 టిక్కీలు మనం అనుకున్న 11 శాతం లోపే ఉండగా మిగిలిన 60 టిక్కీలలో నిమ్ము 13 శాతం వరకు వచ్చినందున వాటిని పక్కన పెట్టించడమైనది. (5) అట్టి కాయ పంపితే బూజు పట్టి మాకు చెడ్డపేరు వస్తుందని మా ఉద్దేశం. (6) రేపు, ఎల్లుండి యార్డుకు సెలవు కావున వాటి బదులు కాయ సోమవారం మాత్రమే కొనగలము, కనుక మంగళవారానికి గాని మీకు చేరదు. (7) లారీ ఇప్పటికే గొడౌన్ వద్ద ఉన్నది, డ్రైవరు సాయంత్రం 5 గంటలకు మించి ఆగనంటున్నాడు. (8) 240 పంపమంటే పంపుతాము, లేదా మొత్తం ఒకేసారి కావాలంటే అలాగే చేస్తాము. (9) గత నెల రెండు బిల్లుల తాలూకు బకాయి కూడా రావలసి ఉన్నది, అకౌంట్స్ వారికి ఒకసారి చెప్పగలరు. (10) పోయిన ఇన్‌వాయిస్‌లో మీ జీఎస్టీ నంబరు తప్పు పడిందని మీవారు అన్నారు, సరైనది పంపగలరు. (11) మార్కెట్ పెరిగే సూచనలు ఉన్నాయి, వచ్చే నెల అవసరం ముందే చెబితే బాగుంటుంది. (12) కావున పై విషయములను పరిశీలించి మీ నిర్ణయమును వీలైనంత త్వరగా తెలియజేయగలరని మనవి. (13)

ఇందులో అబద్ధం లేదు, అనవసరమైన పొగడ్త కూడా పెద్దగా లేదు. రాసిన మనిషి నిజాయితీగానే రాశాడు. అయినా మేనేజర్ దీన్ని ఫోన్‌లో పైనుంచి చదువుకుంటూ వస్తే ఎనిమిదో వాక్యం దాకా తనను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా నాలుగు అడిగారు: 240 పంపాలా వద్దా, బకాయి సంగతి, జీఎస్టీ నంబరు, వచ్చే నెల ఆర్డరు. నాలుగింటిలో ఏది సులువో దానికి జవాబిస్తాడు. జీఎస్టీ నంబరు పంపేసి ఊరుకుంటాడు. లారీ గొడౌన్ దగ్గరే ఉంటుంది.

మొదటి అడుగు: డ్రాఫ్టు మూసేసి పని వాక్యం రాయండి

డ్రాఫ్టును చూడకుండా, వేరే కాగితం మీద ఒక్క వాక్యం రాయాలి. అందులో మూడు ఉండాలి: ఎవరు, ఏం చేయాలి, ఎప్పటికల్లా. చూస్తూ రాస్తే డ్రాఫ్టులోని చివరి వాక్యమే మళ్లీ చేతిలోకి వస్తుంది. "మీ నిర్ణయం తెలియజేయగలరు" అన్నది పని కాదు. దేని మీద నిర్ణయమో, ఏ మాటతో చెప్పాలో అందులో లేదు. "సహకరించగలరు", "పరిశీలించగలరు", "తగు చర్య తీసుకోగలరు" కూడా ఇదే కోవకు చెందుతాయి. చదివిన మనిషి చేతిలో ఫోన్ పట్టుకుని ఆ క్షణంలో చేయగలిగేదే పని. ఒక మాట టైప్ చేయడం, ఒక ఫొటో పంపడం, ఒక సంతకం పెట్టడం లాంటివన్నమాట.

తొమ్మిదో వాక్యం రెండు దారులు చూపించి ఊరుకుంది. మర్యాదగా కనిపించినా ఇది మన పనిని అవతలివాళ్ల నెత్తిన వేయడమే. సరుకు, లారీ, యార్డు సెలవులు అన్నీ తెలిసింది మనకు. కాబట్టి ఏది మేలో మనమే తేల్చి, దానికి ఒప్పుదల అడగాలి. ఇక్కడ 240 ఈరోజే పంపడం మేలు. లారీ ఉంది, మంచి కాయ ఉంది, శని ఆదివారాల్లో మిల్లు ఆడటానికి మేనేజర్‌కు సరుకు దొరుకుతుంది. దారులు రెండు ఇస్తే "సరే" అని జవాబొస్తుంది, ఏది సరేనో తెలియదు. ఒక్కటే అడిగితే "సరే" అంటే సరే.

గడువు ఊహించి పెట్టకూడదు, వెనక నుంచి లెక్క కట్టాలి. లారీ 5 గంటలకు కదలాలి. 240 టిక్కీలు ఎక్కించడానికి గంటన్నర పడుతుందనుకుందాం. కాటా చీటీ, ఇన్‌వాయిస్, వే బిల్లు అయ్యేసరికి మరో అరగంట. అంటే 3 గంటలకు మాట అందాలి. ఇలా లెక్క కట్టిన గడువును అవతలివాళ్లు గౌరవిస్తారు, ఎందుకంటే అడిగితే కారణం చెప్పగలం. "వీలైనంత త్వరగా" అంటే చదివేవాళ్ల తీరిక ప్రకారం అని అర్థం. పదకొండున్నరకు పంపి పన్నెండు గంటలకే కావాలంటే అదీ కుదరదు. మేనేజర్ ప్రొడక్షన్ వాళ్లను అడగాలి, వాళ్లు భోజనానికి వెళ్లి ఉండొచ్చు.

మన పని వాక్యం ఇదీ: *240 టిక్కీలు ఈరోజే లోడ్ చేయడానికి పర్చేజ్ మేనేజర్ మధ్యాహ్నం 3 గంటల్లోగా "లోడ్ చేయండి" అని మెసేజ్ పెట్టాలి.*

ఈ వాక్యం ఎంతకీ రాయలేకపోతున్నారంటే సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, నిజంగా రెండు పనులున్నాయి, అప్పుడు రెండు మెసేజ్‌లు కావాలి. రెండోది, మీకే ఇంకా తెలియని విషయం ఒకటి ఉంది. ఇక్కడైతే రెండో బండి కిరాయి ఎవరు పెట్టుకోవాలన్నది అలాంటిది. గుమస్తా ముందు యజమానిని అడిగి తెలుసుకోవాలి. అది తేలకుండా మెసేజ్ పంపితే మేనేజర్ మొట్టమొదట అడిగేది అదే.

రెండో అడుగు: ప్రతి వాక్యాన్ని ఆ పనితో కొలవండి

ఇప్పుడు డ్రాఫ్టు తెరిచి ఒక్కో వాక్యం పక్కన నాలుగింటిలో ఒక గుర్తు పెట్టండి. కావాలి: ఇది లేకపోతే చదివేవాళ్లు ఆ పని చేయలేరు. నమ్మకం: ఇది ఉంటే మన మాట నమ్ముతారు. వేరే పని: నిజమే, ముఖ్యమే, కానీ ఇంకో జవాబు కోరుతుంది. మన గోడు: మన కష్టం, మన మనసు.

అయిదు, ఏడు, ఎనిమిది వాక్యాలకు "కావాలి" పడుతుంది. మూడో వాక్యంలో "300 టిక్కీల తేజ డీలక్స్ ఆర్డరు" అన్న ముక్క మాత్రమే కావాలి, కొనుగోలు కథ అక్కర్లేదు. అయిదో వాక్యంలోనే మీటరు మాట "నమ్మకం" కిందికి వస్తుంది. దానికి వాక్యం పెంచడం కన్నా మీటరు రీడింగుల ఫొటో జతచేయడం బలంగా ఉంటుంది. తొమ్మిది, పదమూడు వాక్యాల స్థానంలో మన పని వాక్యం వచ్చేసింది.

పది, పదకొండు, పన్నెండు "వేరే పని". వీటిని పారేయకండి, పక్క కాగితం మీదికి ఎత్తిపెట్టండి. ఒకే మెసేజ్‌లో ఉంటే ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి. పైగా బకాయి ప్రస్తావన ఈ మెసేజ్‌లో మరీ ప్రమాదం. సరుకులో తేడా వచ్చిందని చెబుతూనే డబ్బు అడిగితే, "బకాయి కోసం 60 టిక్కీలు ఆపారేమో" అన్న అనుమానం మేనేజర్‌కు రావచ్చు. మనం అలా అనుకోలేదు. కానీ పక్కపక్కన పెట్టిన రెండు వాక్యాలకు చదివేవాళ్లే సంబంధం కల్పించుకుంటారు.

రెండు, నాలుగు, ఆరు వాక్యాలు మన గోడు. కోయడానికి చేయి రాని చోటు ఇదే. మబ్బులు, చినుకులు, హమాలీల కొరత అన్నీ నిజం. వాటిని తీసేస్తే తప్పు మనదే అన్నట్టు ఉంటుందేమోనని భయం. ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఈ సంగతి తెలిస్తే మేనేజర్ జవాబు మారుతుందా? హమాలీలు తక్కువున్నారని తెలిసినా తెలియకపోయినా 240 పంపాలా వద్దా అన్నది మారదు. 60 టిక్కీలు నిమ్ముగా ఉన్నాయి, పక్కన పెట్టాం అంటే చాలు. ఎందుకు నిమ్ముగా వచ్చాయో ఆయనే అడిగితే ఫోన్‌లో చెప్పొచ్చు. ఆరో వాక్యంలో చెప్పిన బూజు సంగతి కారం మిల్లు మేనేజర్‌కు మనకన్నా బాగా తెలుసు.

ఈ అడుగులోనే ఇంకో పని ఉంది, చాలామంది దాటేస్తారు. డ్రాఫ్టులో లేనివి ఏమిటో వెతకాలి. ఆ పని చేయబోతూ మేనేజర్ ఏం అడుగుతాడు? మంగళవారం వచ్చే 60 టిక్కీల ధర పాతదేనా? రెండో బండి కిరాయి ఎవరిది? నేను జవాబివ్వకపోతే ఏమవుతుంది? అంత పొడుగు డ్రాఫ్టులో ఈ మూడింటికీ జవాబు లేదు. పన్నెండో వాక్యంలో మార్కెట్ పెరుగుతోందని చెప్పడం వల్ల ధర మీద అనుమానం ఇంకా పెరుగుతుంది కూడా. పొడుగు మెసేజ్‌లలో తరచూ జరిగేది ఇదే: మనకు చెప్పాలనిపించినవన్నీ ఉంటాయి, వాళ్లకు కావలసినవి ఉండవు.

మూడో అడుగు: పని పైకి, కారణం కిందికి

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. మెసేజ్‌ను కూడా అదే వరసలో పేర్చడం మనకు అలవాటు: కారణాలన్నీ చెప్పుకుంటూ వచ్చి, చివర "కావున" అని అసలు సంగతి. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఇది మర్యాద. ఫోన్ తెరమీద ఇదే అడ్డంకి. వాట్సాప్ నోటిఫికేషన్‌లో మొదటి మాటలే కనిపిస్తాయి, పొడుగు మెసేజ్ అయితే చాట్‌లో కూడా మధ్యలో మడతపడి "ఇంకా చదవండి" అని నొక్కమంటుంది. మన డ్రాఫ్టులో నోటిఫికేషన్‌కు దక్కేది "గౌరవనీయులైన పర్చేజ్ మేనేజర్ గారికి నమస్కారములు". అందులో తొందర ఏమీ లేదు, సాయంత్రం చూడొచ్చు అనిపిస్తుంది.

పనిని పైన పెడితే దురుసుగా ఉంటుందని వెనకాడక్కర్లేదు. "నమస్కారమండి" అన్న ఒక్క మాట, క్రియ చివర "-ండి" ఉంటే మర్యాద నిలుస్తుంది. "చెప్పగలరని మనవి" కన్నా "చెప్పండి" తక్కువ గౌరవమేమీ కాదు. పెద్దవాళ్లకు రాసేటప్పుడు "గారు" తీసేయకండి. అది కోయాల్సిన బరువు కాదు.

ఈమెయిల్ అయితే సబ్జెక్టు లైన్‌లోనే పని, గడువు రెండూ రావాలి: "240 టిక్కీలు ఈరోజు లోడ్ చేయడానికి మీ మాట కావాలి, 3 గంటల్లోగా". "తేజ ఆర్డరు గురించి" అన్న సబ్జెక్టుతో వారానికి పది మెయిళ్లు వెళ్తుంటాయి, అందులో ఇదొకటి అయిపోతుంది.

నాలుగో అడుగు: వాక్యాలను అతుకుల దగ్గర తెంపండి

మిగిలిన వాక్యాల్లో అయిదోది చూడండి. "పరీక్షించగా", "ఉండగా", "వచ్చినందున", "పెట్టించడమైనది": నాలుగు సంగతులు ఒకే దారానికి గుచ్చారు. అసలు క్రియ వచ్చేదాకా చదివేవాళ్లు అన్నీ మోస్తూ ఉండాలి. "-గా", "-నందున", "-నప్పటికీ", "కావున" కనిపించిన ప్రతిచోటూ ఒక అతుకు. అక్కడ తెంపి చుక్క పెట్టొచ్చు. ఒక వాక్యంలో ఒక అతుకు పరవాలేదు, రెండు దాటితే తెంపాల్సిందే.

ఆఫీసు భాష కూడా ఇక్కడే పోతుంది. "కొనుగోలు చేయడం జరుగుతున్నది" అంటే "కొంటున్నాం". "పక్కన పెట్టించడమైనది" అంటే "పక్కన పెట్టాం". పొడుగు తగ్గడం ఒక్కటే లాభం కాదు. "జరిగింది", "చేయడమైనది" అన్నప్పుడు ఎవరు చేశారో కనిపించదు. "పక్కన పెట్టాం" అంటే బాధ్యత మీద మన చేయి ఉన్నట్టు.

"రేపు", "ఎల్లుండి" అని కాకుండా వారం పేరు రాయండి. మేనేజర్ ఈ మెసేజ్‌ను ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌కు ఫార్వర్డ్ చేస్తాడు, ఆయన రాత్రికో మర్నాడో చూస్తాడు. అప్పటికి "రేపు" మారిపోతుంది. అలాగే "ఆ ఆర్డరు", "మొన్న అనుకున్నట్టు" లాంటివి మీ ఇద్దరికే తెలుసు, మూడో మనిషికి తెలియవు.

కోశాక మిగిలింది

> నమస్కారమండి. 240 టిక్కీలు ఈరోజే పంపుదామనుకుంటున్నాం. మధ్యాహ్నం 3 గంటల్లోగా "లోడ్ చేయండి" అని ఒక్క మాట పెట్టండి, లారీ 5కి కదులుతుంది.
>
> మీ 300 టిక్కీల తేజ డీలక్స్ ఆర్డరులో 240కి నిమ్ము 11 శాతం లోపే ఉంది. మిగతా 60కి 13 దాకా వచ్చింది, పక్కన పెట్టాం. మీటరు రీడింగుల ఫొటో కింద ఉంది.
>
> శని, ఆదివారాలు యార్డుకు సెలవు. 60 టిక్కీలకు బదులు కాయ సోమవారం కొని మంగళవారం సాయంత్రానికి చేరుస్తాం. ధర అదే, రెండో బండి కిరాయి మాదే.
>
> 3 గంటలకు మీ మాట అందకపోతే ఈరోజు లోడ్ చేయం, 300 టిక్కీలూ మంగళవారం ఒకేసారి పంపుతాం.

చివరి వాక్యం గురించి కాస్త జాగ్రత్త అవసరం. జవాబు రాకపోతే ఏం చేస్తామో ముందే చెప్పడం మంచిదే, కానీ అందులో అవతలివాళ్ల డబ్బు ఖర్చయ్యే పనిగానీ, వెనక్కి తీసుకోలేని పనిగానీ ఉండకూడదు. "జవాబు లేకపోతే 240 పంపేస్తాం" అని రాస్తే, మిల్లులో దింపుకోవడానికి మనుషులు లేనప్పుడు లారీ గేటు దగ్గర నిలబడుతుంది, గొడవ మనకే. ఆగడం ఎప్పుడూ క్షేమం.

పంపే ముందు చూసుకోవలసినవి

మొదటి రెండు లైన్లు తప్ప మిగతాది చేత్తో మూసి చదవండి. ఏం చేయాలో, ఎప్పటికో తెలిస్తే సరే. తర్వాత ప్రశ్నార్థకాలు, "-ండి"లు, "-గలరు"లు లెక్కపెట్టండి. మన మెసేజ్‌లో చదివేవాళ్లను చేయమన్నది "పెట్టండి" ఒక్కటే. రెండోది కనిపిస్తే ఇంకా వేరే పని ఒకటి లోపల దాగి ఉంది. ఆ తర్వాత అంకెలు కూడండి: 240, 60 కలిస్తే 300. కోతలో అంకెలు చెదిరిపోవడం మామూలే, తేడా వస్తే చదివేవాళ్లు మొత్తం మెసేజ్‌నే అనుమానిస్తారు. వీలైతే ఈ ఆర్డరు సంగతి తెలియని మనిషికి చూపించి, "నువ్వే మేనేజర్‌వైతే ఏం టైప్ చేస్తావ్?" అని అడగండి. "లోడ్ చేయండి" అని కాకుండా ఇంకేదైనా చెబితే ఆ మాటే తప్పెక్కడుందో చూపిస్తుంది.

ఎక్కువగా కోసేసే ప్రమాదమూ ఉంది. "240 రెడీ, లోడ్ చేయమంటారా?" అని ఒక్క లైనులో పంపితే వెంటనే ఫోన్ మోగుతుంది: మిగతా 60 ఏవి, ఎందుకు, ఎప్పుడు? "కావాలి" అని గుర్తు పెట్టినవి కోస్తే మిగిలేది పొట్టి మెసేజ్ మాత్రమే, స్పష్టమైనది కాదు.

వచ్చే జవాబును బట్టి కూడా కోత ఎలా ఉందో తెలుస్తుంది. "ఓసారి ఫోన్ చేయండి" అని వస్తే కావలసిన సంగతి ఏదో లేదు. బొటనవేలి గుర్తు ఒక్కటే వస్తే పని వాక్యం చూసుకోండి, ఏ మాటతో జవాబివ్వాలో అందులో సరిగా చెప్పలేదు. అడగని విషయానికి జవాబొస్తే, ఆ విషయం మెసేజ్‌లో ఎక్కడో మిగిలిపోయింది.

పక్కన పెట్టిన మూడు పనులకు మూడు వేరే మెసేజ్‌లు, వేరే మనుషులకు. బకాయి మెసేజ్ పర్చేజ్ మేనేజర్‌కు కాదు, అకౌంట్స్ వాళ్లకు: బిల్లు నంబర్లు, తేదీలు, మొత్తం, ఏ తేదీలోగా వేయాలో. సరుకు చేరాక పంపితే మేలు. జీఎస్టీ నంబరు అడిగేది కూడా అకౌంట్స్‌నే, కానీ బకాయితో కలపకుండా, ఈరోజు ఇన్‌వాయిస్ కొట్టేలోగా, అంటే మధ్యాహ్నంలోపే. తప్పు నంబరుతో ఇంకో బిల్లు పోకూడదు. వచ్చే నెల అవసరం సంగతి మంగళవారం రెండో బండి దిగాక అడగండి.

రెండున్నరకు కూడా మాట రాకపోతే పాత మెసేజ్‌ను మళ్లీ పంపకుండా దానికే రిప్లై ఇచ్చి ఒక్క లైను పెట్టండి: "3 గంటలకు లోడింగ్ మొదలుపెట్టాలండి, మీ మాట కోసం చూస్తున్నాం." పది నిమిషాలు చూసి ఫోన్ చేయండి. ఫోన్‌లో ఒప్పుకుంటే, పెట్టేసిన వెంటనే "ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు 240 టిక్కీలు లోడ్ చేస్తున్నాం, 60 టిక్కీలు మంగళవారం" అని రాసి పంపండి. దింపుకునేటప్పుడు 300 ఏవని గేటు దగ్గర ఎవరైనా అడిగితే మేనేజర్ ఆ లైను చూపిస్తాడు.